“హలో, ఎవరండీ మాట్లాడేది?”: గోదావరి డెల్టా టెలిఫోను సంభాషణలో పలకరింపు, గుర్తింపు, పునరుక్తి (రామచంద్రపురం ప్రాంతం ఆధారంగా)

వ్యాససంగ్రహం

మాట సరిగా వినబడని చోట మనుషులు ముందుగా తమ మధ్య దారి తెరిచి ఉందో లేదో చూసుకుంటారు. తరువాత ఎదుటివారెవరో తేల్చుకుంటారు. ఆ పిమ్మటనే విషయంలోకి వెళతారు. టెలిఫోను వచ్చిన తరువాత తెలుగులో ఈ మూడు పనులకు ఎలాంటి మాటలు స్థిరపడ్డాయో, అవి ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ విఫలమయ్యాయో గోదావరి డెల్టాలోని రామచంద్రపురం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం చర్చిస్తుంది. తెలుగులో ఊరిపేరుకు, మనిషిపేరుకు, సంఖ్యకు భేదాన్ని చూపే భాగం మొదట, అన్నింటికీ సమానమైన భాగం చివర ఉండటం తరచుగా కనబడుతుంది. చెడిన లైనులో ముందుగా పోయేది ఆ మొదటి భాగమే. తెలుగు ఫోను మర్యాదల చరిత్రలో అధిక భాగం ఈ చిక్కును దాటే ప్రయత్నమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ట్రంకు కాలు, సంబోధన, ప్లుతం, పునరుక్తి, సంఖ్యావాచకాలు, వరద హెచ్చరిక, రామచంద్రపురం.

1. ప్రవేశిక

అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన యంత్రంలో పలకరింపుగా ‘అహోయ్’ అనే నావికుల కేకను వాడదలిచాడు. 1877 ఆగస్టులో థామస్ ఎడిసన్ ఒక మిత్రునికి రాసిన ఉత్తరంలో ‘హలో’ అన్న కేకను సూచించాడు. పది, ఇరవై అడుగుల దూరం నుంచి కూడా ఆ కేక వినబడుతుంది కాబట్టి వేరే గంట అవసరం ఉండదని ఆయన అభిప్రాయం. అంటే ‘హలో’ పుట్టుకలో మర్యాద లేదు. అది అవతలి గదిలో ఎవరైనా ఉన్నారా అని వేసిన కేక. నేటికీ తెలుగువారు లైను తెగినట్లు అనుమానం రాగానే మాట మధ్యలో “హలో... హలో...” అంటారు. అక్కడ ఆ మాట తన అసలు పనికే తిరిగి వస్తుంది. ఎదురుపడిన మనిషిని పలకరించేటప్పుడు ‘నమస్కారమండీ’, ‘బాగున్నారా’, ‘ఎప్పుడొచ్చారు’ అన్నవి ఉండగా ఫోనులో మొదటి మాటగా అవి నిలవలేదు. కారణం తేలికగానే ఊహించవచ్చు. అవన్నీ ఎదుట ఉన్నది ఎవరో తెలిసిన తరువాత అనే మాటలు.

భాష చేసే పనులను వర్గీకరించిన రోమన్ యాకబ్‌సన్ 1960లో ప్రకటించిన వ్యాసంలో, కేవలం మార్గం తెరిచి ఉందో లేదో పరీక్షించే మాటలను ఒక ప్రత్యేక ప్రయోజనంగా గుర్తించాడు. 1968లో ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ సుమారు ఐదు వందల ఫోను సంభాషణల ఆరంభాలను పరిశీలించి, గంట మోగడమే పిలుపనీ, ‘హలో’ ఆ పిలుపుకు జవాబనీ నిరూపించాడు. ఫోను ఎత్తినవాడే మొదట మాట్లాడటానికి కారణం ఇదే. ఈ రెండు ఆలోచనలు తెలుగు సంభాషణకూ వర్తిస్తాయి. అయితే వాటిని వర్తింపజేసే ముందు తెలుగువారికి దూరంగా ఉన్నవారిని పిలిచే పద్ధతి అప్పటికే ఒకటి ఉందని గుర్తించాలి.

2. రేవు నుంచి కేక

దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు వాక్యం చివరి అచ్చును మూడు మాత్రల కాలం సాగదీయాలని పాణిని అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయంలో విధించాడు. ఆ సాగిన అచ్చే ప్లుతం. ఇది పండితుల ఊహ కాదు. ఊరి వాడుకలో ఉన్నదానికి శాస్త్రం ఇచ్చిన పేరు. గోదావరి పాయలు, కాలువలు అడుగడుగునా అడ్డుపడే డెల్టాలో అవతలి ఒడ్డున ఉన్న పడవవానిని పిలవడం నిత్యకృత్యం. “ఓ...య్” అన్న కేకలో హల్లు దాదాపు లేదు. ఉన్నదల్లా నోరు తెరిచి సాగదీసిన అచ్చు. గాలి మీద, నీటి మీద దూరం పోయేది అచ్చే. హల్లులు నాలుగు బారల దూరంలోనే రాలిపోతాయి. అందుచేత రేవు దగ్గరి కేకలో ముందు అచ్చుతో పిలుపు ఉంటుంది. అవతలివాడు తల తిప్పి బదులు కేక వేసిన తరువాతనే విషయం చెబుతారు.

ఫోనులోనూ వరుస ఇదే. అయితే రేవులో కంటికి అవతలివాడు కనబడతాడు. చేయి ఊపుతాడు, గెడ అందుకుంటాడు. ఫోనులో ఆ సాక్ష్యం లేదు. విన్నానని చెప్పడానికి కూడా మాటే దిక్కు. ఈ ఒక్క తేడా నుంచే మిగిలిన సమస్యలన్నీ పుట్టాయి.

3. ట్రంకు కాలు: ముగ్గురు మనుషుల సంభాషణ

1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. గోదావరి మండలం అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమైనా డెల్టా పట్టణాలలో సామాన్యుని వినికిడికి ఫోను రావడానికి చాలాకాలం పట్టింది. చిన్న పట్టణాలలో ఫోనుకు అంకెలు తిప్పే డయలు ఉండేది కాదు. రిసీవరు ఎత్తితేనో, పిడి తిప్పితేనో ఎక్స్ఛేంజీలోని ఆపరేటరు పలికేవాడు. వేరే ఊరితో మాట్లాడాలంటే ట్రంకు కాలు బుక్ చేసుకొని గంటల తరబడి ఎదురుచూడాలి. సాధారణ కాలు కంటే అర్జంటు కాలుకు, దానికంటే లైట్నింగ్ కాలుకు ఎక్కువ రుసుము. మాటకు మూడు నిమిషాలు ఒక కొలత. ఆ మూడు నిమిషాలలో ఎంతభాగం “హలో, హలో”లకు పోయిందో అంత సొమ్ము పోయినట్లే. పలకరింపు ఖరీదైన కాలం అది.

ఈ పద్ధతిలో ‘ఎవరు మాట్లాడుతున్నారు’ అన్న ప్రశ్నకు రెండంచెలు ఉండేవి. ఆపరేటరు మొదట ఊరిని, నంబరును తేల్చుకునేవాడు. ఫలానా మనిషే కావాలని అడిగే పి.పి. కాలులో మనిషిని కూడా తేల్చుకునేవాడు. ఊరు తేల్చడమే సులభం కాదు. ఒకే జిల్లాలో రామచంద్రపురం, అమలాపురం, పెద్దాపురం, పిఠాపురం ఉన్నాయి. లైనులో గరగర ఎక్కువగా ఉన్నప్పుడు చివరి ‘పురం’ మాత్రం స్పష్టంగా వినబడి, ఏ పురమో తెలియకపోవడం సహజం. పేరంతా విన్నా చిక్కు తీరదు. హైదరాబాదు పక్కన బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలసిన రామచంద్రాపురం ఉంది, చిత్తూరు సీమలో రామచంద్రాపురం ఉంది. అందువల్ల ‘తూర్పు గోదావరి రామచంద్రపురం’ అని జిల్లాను ముందు చేర్చడం అలవాటైంది. ‘కాకినాడ దగ్గర రామచంద్రపురం’, ‘ద్రాక్షారామం పక్క రామచంద్రపురం’ అనడమూ ఆ కోవలోదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఈ పట్టణం కోనసీమ జిల్లాలోకి వెళ్లినా, పాతవారి నోట ఆ పాత జిల్లా పేరే ఊరికి ఇంటిపేరులా నిలిచింది.

ఇంటిపేరు అన్న మాట ఇక్కడ ఉపమానానికి మాత్రమే చెప్పినది కాదు. మనుషుల పేర్లలోనూ ఇదే నిర్మాణం ఉంది. నాగేశ్వరరావు, రాజేశ్వరరావు, మహేశ్వరరావు అన్న మూడు పేర్లలో భేదం మొదటి ఒకటి రెండు అక్షరాలలోనే ఉంది. తరువాతి నాలుగక్షరాలు అందరివీ. ‘గారు’ చేరిస్తే సామాన్య భాగం ఇంకా పొడవవుతుంది. మాట్లాడేవాడు రిసీవరు నోటిదగ్గరకు పూర్తిగా రాకముందే మొదలుపెట్టడం వల్లనో, అవతలివాడి చెవి ఇంకా కుదురుకోకపోవడం వల్లనో తొలి అక్షరం పోతుంది. పేరుకు ముందు ఇంటిపేరు, దానికి ముందు ఊరు చెప్పుకోవడం వల్ల ఆ నష్టం తగ్గుతుంది. “రాయవరం నుంచండీ, ఫలానావారి రెండో అబ్బాయినండీ” అన్న పద్ధతిలో ఊరు, వంశం, వరుస మూడూ వేర్వేరు ఆధారాలు. ఒకటి జారినా మిగిలిన రెండింటితో మనిషిని పట్టుకోవచ్చు.

ఆడవారికి మరొక ఇబ్బంది ఉండేది. భర్త పేరు నోట పలకకూడదన్న ఆచారం పాటించే ఇల్లాలిని ఆపరేటరు “ఎవరు కావాలండీ?” అని అడిగితే, పేరుకు బదులు ‘మావారు’, ‘ఫలానా మిల్లులో గుమాస్తాగారు’ అన్న మాటలే రావాలి. పిల్లవాడి చేతికి రిసీవరు ఇచ్చి పేరు చెప్పించడం ఇలాంటి సందర్భంలో తేలికైన ఉపాయం.

4. ‘నేనండీ’ అన్న జవాబు

“ఎవరండీ మాట్లాడేది?” అన్న ప్రశ్నకు తెలుగులో అతి సహజమైన జవాబు “నేనండీ”. వ్యాకరణరీత్యా అది పూర్తి వాక్యం. సమాచారరీత్యా అందులో ఏమీ లేదు. అది పేరు చెప్పడం కాదు, గొంతును వినిపించడం. గుర్తుపట్టే భారం విన్నవాడి మీద పడుతుంది. దగ్గరివారి మధ్య అది చనువుకు గుర్తు. గుర్తుపట్టకపోతే “నా గొంతే మర్చిపోయావా?” అన్న నిష్ఠూరం వెంటనే వస్తుంది. ఫోను దారి ఆ నిష్ఠూరానికి న్యాయం చేయదు. టెలిఫోను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే పంపుతుంది. మగవారి గొంతుకు మూలమైన కంపనం ఆ కింది హద్దుకు దిగువనే ఉంటుంది. మనిషి గొంతుకు నిండుదనం ఇచ్చే ఆ భాగమూ, ‘స’ వంటి ఊష్మాలకు పదును ఇచ్చే పైభాగమూ దారిలోనే ఆగిపోతాయి. వర్షాకాలంలో తడిసిన స్తంభాల మీది తీగలలో పక్క లైను మాటలు కలిసినప్పుడు మిగిలిన భాగమూ మసకబారుతుంది. అన్నదమ్ముల గొంతులు, తండ్రీకొడుకుల గొంతులు ఫోనులో ఒక్కటిగా వినబడటానికి కారణం ఇదే.

వినేవాడి వైపు చిక్కు మర్యాదకు సంబంధించినది. పెద్దవారిని పట్టుకొని ‘ఎవరు నువ్వు’ అనే పరిస్థితి రాకూడదు. దీనికి గోదావరి జిల్లాల వాడుక చక్కని దారి కనిపెట్టింది. ‘ఎవరు’ అని కాక “ఎక్కడినుంచండీ?” అని అడగడం. ప్రశ్న మనిషి మీద కాక ఊరి మీద ఉంటుంది కాబట్టి అందులో అవమానం లేదు. జవాబుగా వచ్చే ఊరిపేరు విని, ఆ ఊళ్లో తనకు ఫోను చేయగలవారెవరో వినేవాడు మనసులో తేల్చుకొని “ఆఁ, బాబాయిగారా!” అనగలడు. గౌరవమూ దక్కింది, గుర్తింపూ జరిగింది. అయితే ఊరిని బట్టి ఊహించడంలో ప్రమాదం లేకపోలేదు. ఊహ తప్పితే ఒకరికి చేరవలసిన కబురు వేరొకరికి చేరుతుంది. చావు కబురు విషయంలో ఇది మామూలు పొరపాటు కాదు. ట్రంకు కాలు వచ్చిందంటేనే గుండె ఝల్లుమనే రోజులలో, ఊరిలో ఉన్న ఒక్క ఫోను దగ్గరకు మనిషిని పిలిపించి కబురు చెప్పే పద్ధతిలో, అక్కడికి వచ్చిన మనిషి ఎవరో పేరుతో సహా చెప్పించుకున్న తరువాతనే విషయం విప్పాలి.

5. అరవయ్యా, ఇరవయ్యా?

ఊరిపేరు, మనిషిపేరు తప్పుగా విన్నా కొంతసేపటికి మాటల సందర్భమే దానిని సరిదిద్దుతుంది. సంఖ్యకు ఆ అవకాశం లేదు. తప్పు సంఖ్య కూడా ఒప్పు సంఖ్యలాగే ఉంటుంది. తెలుగు పదుల వరుసను గమనిస్తే ఈ ఇబ్బంది తెలుస్తుంది. ఇరవై, అరవై అన్న రెండింటిలో తేడా మొదటి అచ్చు ఒక్కటే. నలభై, ఎనభై, యాభై, తొంభై అన్నవన్నీ ‘భై’తోనే ముగుస్తాయి. ఇక్కడా భేదకం ముందు, సామాన్యం వెనుక. డెల్టాలో ఫోను ఎక్కువగా మోగిన చోట్లలో బియ్యం మిల్లు ఒకటి. అక్కడ మాట్లాడేదంతా బస్తాల లెక్క, ధర, లారీ నంబరు. వెనుక మిల్లు ఆడుతూ ఉంటుంది.

ఈ స్థితిలో సంభాషణ ఎలా నడుస్తుందో చూపడానికి ఒక నమూనాను కూర్చవచ్చు. ఇది ఎవరో మాట్లాడినదానికి ప్రతి కాదు, విశ్లేషణ కోసం కల్పించినది.

“హలో, రామచంద్రపురమండీ? హైదరాబాదు నుంచి ట్రంకు కాలు. మాట్లాడండి.”
“హలో... హలో... వినబడుతోందాండీ?”
“వినబడుతోందండీ. ఎక్కడినుంచండీ?”
“హైదరాబాదునుంచండీ. కొట్టునుంచి గుమాస్తాని.”
“ఆయ్, చెప్పండి.”
“రేపటి లారీకి అరవై బస్తాలు వెయ్యమన్నారండీ.”
“ఇరవయ్యాండీ?”
“అరవైయండీ, అరవై. ఆరు పదులు. ఆరు, సున్న.”
“ఆరు పదులు. అరవై బస్తాలు, రేపటి లారీకి. అంతేనాండీ?”
“అంతేనండీ.”

మిల్లులోని మనిషి ‘ఇరవయ్యా?’ అని అడగడం వల్లనే తప్పు బయటపడింది. అక్కడ “ఆయ్, అలాగేనండీ” అని ఉంటే రెండువైపులా తృప్తిగా ఫోను పెట్టేసేవారు. మరునాడు లారీ మూడో వంతు సరుకుతో కదిలేది. తాను విన్నది విన్నట్లు తిరిగి చెప్పడం ఒక్కటే వినికిడికి రుజువు. ‘సరే’, ‘అలాగే’, ‘వినబడింది’ అన్న మాటలు రుజువులు కావు. తప్పుగా విన్నవాడికి తాను తప్పుగా విన్నానని తెలియదు కదా. “వినబడిందా?” అన్న ప్రశ్న కూడా ఈ కారణంగానే నిష్ప్రయోజనం. శబ్దం చెవిన పడిన ప్రతివాడూ దానికి అవుననే చెబుతాడు. అడగవలసినది “ఎన్ని అన్నాను?” అని.

రెండవ సంగతి గుమాస్తా సరిదిద్దిన తీరు. మొదట ‘అరవై’ అని రెట్టించాడు. అది చాలదు. ఒకసారి ‘ఇరవై’గా వినబడిన పదం అదే లైనులో రెండవసారి కూడా అలాగే వినబడే అవకాశం ఎక్కువ. అందుకే రూపం మార్చాడు. ‘ఆరు పదులు’ అన్నప్పుడు ఆ మొదటి అచ్చు దీర్ఘమైంది. ‘రెండు పదులు’తో దానికి పోలికే లేదు. ‘ఆరు, సున్న’ అన్నప్పుడు అది మరొకసారి వేరే రూపంలో రుజువైంది. ఆలంకారికులు పునరుక్తిని దోషంగా లెక్కించారు. చెడిన లైనులో అది గుణం. అయితే ఏ పునరుక్తీ కాదు, మారురూపం గల పునరుక్తి మాత్రమే.

మూడవది గుమాస్తా అనని మాట. సహజంగా ఎవరైనా “ఇరవై కాదండీ, అరవై” అంటారు. ముక్కలు ముక్కలుగా వినబడే లైనులో తప్పు సంఖ్యను తానే మళ్లీ పలకడం ప్రమాదం. ‘కాదు’ అన్నది గరగరలో మునిగిపోతే ‘ఇరవై’ రెండవసారి ధ్రువపడుతుంది. ఒప్పును మాత్రమే చెప్పడం మేలు.

గొంతు పెంచడం గురించి ఒక మాట చెప్పాలి. చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో వివరించాడు. మిల్లులోని మనిషి కేక వేయడం అతని చుట్టూ ఉన్న రొదకు బదులు, అవతలివాడి వినికిడికి కాదు. పాత ఫోనులలో మైకు లోపల బొగ్గు రేణువులుండేవి. దగ్గరగా అరిస్తే అవి ధ్వనిని వికృతం చేసేవి. కేకలో అచ్చులు ఉబ్బుతాయి, హల్లులు వెనుకబడతాయి. రేవులో అది లాభం, ఎందుకంటే అక్కడ పిలుపు మాత్రమే చేరాలి. లెక్క చేరవలసిన చోట అది నష్టం. నిదానంగా, మామూలు గొంతుతో, అంకెకూ అంకెకూ మధ్య విరామమిస్తూ చెప్పినదే నిలుస్తుంది.

6. మూడు, ఏడు: వరద సంఖ్యలు

ఒంటి అంకెలలో చిక్కు వేరే రూపంలో ఉంది. మూడు, ఏడు అన్న రెండింటి చివర ‘డు’ ఒక్కటే. ఆరు, ఏడు రెండూ దీర్ఘాచ్చుతో మొదలై రెండక్షరాలలో ముగుస్తాయి. నేరుగా డయలు చేసే ఎస్.టి.డి. పద్ధతి దేశంలో 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరాల మధ్య మొదలై, క్రమంగా చిన్న పట్టణాలకు విస్తరించింది. ఆ పద్ధతిలో అమలాపురానికి 08856, రామచంద్రపురానికి 08857 కోడ్‌లుగా వచ్చాయి. రెండు ‘పురాల’కూ తేడా చివరి అంకె. అది ఆరా ఏడా అన్నది. ఆపరేటరు మనిషి కాబట్టి ‘ఏ పురమండీ?’ అని తిరిగి అడిగేవాడు. యంత్రం అడగదు. తప్పుగా విని రాసుకున్న అంకె నేరుగా మరొక ఊరిలో, మరొకరి ఇంట్లో గంట మోగిస్తుంది. ఫోను నంబర్లను ఇంగ్లీషు అంకెలలో చెప్పుకునే అలవాటు ఇక్కడ కొంత సాయపడింది. ‘సిక్స్’, ‘సెవెన్’ అన్నవి రెండూ ‘స’కారంతో మొదలైనా ఒకటి ఒక్క ఊపులో, మరొకటి రెండు ఊపులలో ముగుస్తాయి. ఇంగ్లీషులోనూ ఇబ్బందులు లేకపోలేదు. ‘ఫైవ్’, ‘నైన్’ కలిసిపోతాయన్న భయంతోనే విమానయాన సంభాషణలో తొమ్మిదిని ‘నైనర్’ అని పలికే నియమం పెట్టారు.

మూడు, ఏడుల తికమక డెల్టాలో అన్నిటికంటే బరువైనది వరద కాలంలో. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ప్రకటిస్తారు. తెలుగులో చదివితే రెండవ, మూడవ హెచ్చరికల సంఖ్యలు ‘పదమూడు’, ‘పదిహేడు’. మొదలు ‘ప’, చివర ‘డు’, ఆపైన దశాంశమూ ఒక్కటే. మొత్తం భేదం మధ్యలోని కొద్ది ధ్వనులమీద నిలబడింది. ఎగువన భద్రాచలం వద్ద హెచ్చరిక మట్టాలు 43, 48, 53 అడుగులు. అక్కడ మొదటిదీ మూడవదీ ‘నలభై మూడు’, ‘యాభై మూడు’. పదాల రెండవ సగం పూర్తిగా సమానం.

ఈ సంఖ్యల వెనుక ఉన్న నష్టం ఎంతటిదో 1986 ఆగస్టు వరద చూపించింది. ఆ నెల 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. డెల్టాలో గట్లు తెగాయి, లంకలు మునిగాయి. ఎగువ మట్టం తెలిసిన క్షణం నుంచి దిగువకు నీరు చేరేలోగా ఉన్న కొద్ది గంటలే గట్టు మీద ఇసుక బస్తాలు వేయడానికి, లంకవారిని పడవలలో తేవడానికి ఉన్న గడువు. పదిహేడును పదమూడుగా విన్నవాడు లంకవారిని ఇంకా ఊళ్లోనే ఉండనిస్తాడు. పదమూడును పదిహేడుగా విన్నవాడు అర్ధరాత్రి ఊరంతటినీ లేపుతాడు. రెండవ తప్పు చిన్నదిగా కనబడవచ్చు. కానీ అలా ఒకసారి లేచి, నీరు రాక తిరిగి వచ్చిన ఊరు మరుసటిసారి పిలుపుకు కదలదు.

అందువల్ల ఇలాంటి సందేశంలో సంఖ్యను మొదట పూర్తి రూపంలోనూ తరువాత విడి అంకెలుగానూ చెప్పడం అవసరం. “పదిహేడు పాయింట్ ఏడు ఐదు. ఒకటి, ఏడు, పాయింట్, ఏడు, ఐదు. మూడో హెచ్చరిక.” ఇందులో చివరి మాట అన్నిటికంటే విలువైనది. అంకెలు రెండుసార్లూ జారిపోయినా ‘మూడో హెచ్చరిక’ అన్నది సంఖ్య అర్థాన్ని వేరే దారిలో చేరవేస్తుంది. వినేవాడు ‘పదమూడు, మూడో హెచ్చరిక’ అని తిరిగి చెబితే ఆ రెండూ పొసగవని చెప్పేవాడికి వెంటనే తెలుస్తుంది. ఒకే విషయాన్ని ఒకదానితో ఒకటి సరిచూసుకోగల రెండు రూపాలలో పంపడమే ఇందులోని కీలకం.

తీగలు తెగిన చోట వైర్‌లెస్ సెట్లు ఆ పని చేస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను ఈ ప్రాంతంలో కరెంటు స్తంభాలతో పాటు టెలిఫోను స్తంభాలనూ నేలకూల్చింది. వైర్‌లెస్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటానికి వీలుండదు. మీట నొక్కినవాడి మాటే పోతుంది. మీట నొక్కగానే మాట మొదలుపెడితే తొలి అక్షరం తెగిపోతుంది. ఇంతకుముందు చెప్పినట్లు తెలుగులో ఆ తొలి అక్షరంలోనే ప్రాణం ఉంటుంది కాబట్టి మీట నొక్కి ఒక క్షణం ఆగాలి. పిలిచేటప్పుడు ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు ముందు, పిలిచేవారి పేరు తరువాత రావాలన్నది అంతటా ఉన్న నియమం. వందమంది వింటున్న దారిలో ప్రతివాడూ తన పేరు వినబడినప్పుడే చెవి నిక్కబొడుచుకుంటాడు. తన పేరు మొదటిసారి సగమే వినబడవచ్చు కాబట్టి దానిని రెండుసార్లు పిలుస్తారు. తెలుగువారికి ఇది కొత్త కాదు. “రామయ్యా, ఓ రామయ్యా” అని వీధిలో పిలిచే ఆమ్రేడితానిదీ అదే తర్కం.

7. ‘ఊఁ’, ‘ఆయ్’

కథ చెప్పేవాడికి ఎదుటివాడు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టడం ఆగితే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం. ఫోనులోనూ తెలుగువారు ఊఁ కొడతారు. కానీ ‘ఊఁ’ పెదవులు దాదాపు మూసి, ముక్కుతో పలికే బలహీనమైన ధ్వని. దాని శక్తిలో అధిక భాగం టెలిఫోను వదిలివేసే కింది భాగంలో ఉంటుంది. మంచి లైనులోనే అది మసకగా చేరుతుంది, చెడిన లైనులో చేరదు. మాట్లాడేవాడు నిశ్శబ్దాన్ని విని, లైను పోయిందనుకొని, “హలో! ఉన్నారా?” అంటాడు. అవతలివాడు అప్పటిదాకా శ్రద్ధగా ఊఁ కొడుతూనే ఉంటాడు. ఈ విషయంలో గోదావరి జిల్లాల ‘ఆయ్’కు ఒక సౌలభ్యం ఉంది. నోరు పూర్తిగా తెరిచిన అచ్చుతో మొదలై ‘య్’ వైపు జారే ఆ ధ్వని గరగరలోనూ తేలికగా తెలిసిపోతుంది. ఇతర ప్రాంతాలవారు హాస్యానికి అనుకరించే ఈ మాట ఫోనుకు బాగా తగిన మాట కావడం యాదృచ్ఛికమే, అయినా గమనించదగినది. చెవిన పడినట్లు మాత్రమే ‘ఆయ్’ చెబుతుంది. ఏమి పడిందో చెప్పదు. బస్తాల లెక్క దగ్గర అది చాలదన్నది పైన చూశాము.

8. పసుపు బూతు నుంచి సెల్‌ఫోను వరకు

1980ల చివరి నుంచి బస్టాండులోను, బజారులోను వెలసిన ఎస్.టి.డి. బూతులు ఆపరేటరును తప్పించాయి. గడియారం మూడు నిమిషాల బదులు పల్సుల లెక్కలో తిరగసాగింది. ఎదుట మీటరు మీద రూపాయలు కనబడుతూ పెరుగుతుంటే పలకరింపు కుదించుకుపోయింది. “నేను, బాగానే చేరాను, ఉంటాను” అన్నంతలో మాట ముగిసేది. బస్సు హారన్ల మధ్య అద్దాల గదిలో మాట్లాడే మనిషి ఒక చెవి మూసుకొనేవాడు. ఇది సరైన పనే. ఫోను తన మైకులో పడిన చుట్టుపక్కల రొదను కొంత తన చెవికే తిరిగి వినిపిస్తుంది. కాబట్టి ఖాళీ చెవిని మూయడం కంటే, వినేటప్పుడు మైకు భాగాన్ని అరచేత కప్పడం ఎక్కువ మేలు చేసేది. మాట్లాడేటప్పుడు మాత్రం చేయి తీయడం మరిచిపోకూడదు.

దేశంలో మొదటి సెల్‌ఫోను కాలు 1995 జూలై 31న జరిగింది. తరువాతి పదేళ్లలో తెర మీద పేరు కనబడటంతో “ఎవరండీ మాట్లాడేది?” అన్న ప్రశ్నకు పని తగ్గింది. దాని స్థానంలో “ఎక్కడున్నావు?” వచ్చింది. ‘ఎక్కడినుంచండీ?’ ఊరిని అడిగేది, ఇది ఆ క్షణాన మనిషి నిలబడిన చోటును అడుగుతుంది. అయినా తెర చూపేది ఫోను ఎవరిదో మాత్రమే, దానిని పట్టుకొని మాట్లాడేది ఎవరో కాదు. తండ్రి పేరు చూసి “నాన్నా!” అన్న కొడుక్కి అవతలినుంచి ఆసుపత్రిలో పక్క మంచం మనిషి గొంతు వినబడవచ్చు. అక్కడ సంభాషణ తిరిగి మొదటి మెట్టుకు వస్తుంది: “ఎవరండీ మాట్లాడేది? ఈ ఫోను మా నాన్నగారిదండీ.”